రెండో సాక్షి మొదటివాడి బంధువైతే: ఒక ఇంటర్వ్యూ సాధనలో బయటపడ్డ తప్పులు

ఒక లావాదేవీ మోసమయ్యే అవకాశం ఎంత అన్న ప్రశ్నకు ఆ శనివారం నేను చెప్పిన జవాబు 69 శాతం. లెక్కలో ఎక్కడా తప్పులేదు. అయినా అదే లావాదేవీ గురించి నిజం 7 శాతం దగ్గర ఉండవచ్చని నా మిత్రుడు అరగంటలో చూపించాడు. తర్వాతి వారం అతని లెక్కలో అలాంటి లోటే నేను పట్టుకున్నాను. ఆ వెంటనే అతను నాలో ఇంకొకటి పట్టుకున్నాడు. ఆ రెండు వారాల్లో ఏం జరిగిందో, ఏ ప్రశ్న ఏ లోటును బయటపెట్టిందో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందు మా ఇద్దరి సంగతి. నేను నాలుగేళ్లుగా ఒక ఆర్థిక సంస్థలో లావాదేవీల డేటా చూసే పనిలో ఉన్నాను. సంభావ్యత నాకు రోజూ వాడే పనిముట్టు. మా వాడు ఇంజనీరింగ్‌లో నా బెంచీమేటు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు. కోడ్ చకచకా రాస్తాడు కానీ కాగితం మీద సమీకరణం రాయాలంటే బద్ధకం. ఇద్దరం డేటా సైన్స్ ఉద్యోగాలకు దరఖాస్తు చేసుకుంటున్నాం. అందుకని శనివారం సాయంత్రాలు కూకట్‌పల్లిలో అతని గదిలో కూర్చుని ఒకరినొకరం ఇంటర్వ్యూ చేసుకునేవాళ్లం. బోర్డు లేదు. చిరిగిన గోడ క్యాలెండర్ కాగితాల వెనకవైపే మా బోర్డు.

మొదటి రెండు వారాలు మాకేమీ దొరకలేదు. ఇద్దరికీ తెలిసిన ప్రశ్నలే అడుగుకున్నాం, ఇద్దరం సరిగ్గానే చెప్పాం. మూడో వారం అతనొక నియమం పెట్టాడు. జవాబు సరిగ్గా వచ్చిందంటే అక్కడ ఆగకూడదు. అడిగినవాడు ప్రశ్నలో ఒక్క విషయం మార్చి మళ్లీ అడగాలి. టెస్టింగ్ చేసేవాడి బుద్ధి అది. ఒక ఇన్‌పుట్‌కు ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తే అతనికి తృప్తి ఉండదు. ఆ నియమమే మా ఇద్దరినీ పట్టించింది.

మొదటి ప్రశ్న: రెండు మోడళ్లు ఒకే మాట చెబితే

అతను అడిగింది చాలామంది విన్న ప్రశ్నే. వెయ్యి లావాదేవీల్లో ఒకటి మోసం. మోసాలను కనిపెట్టడానికి ఒక మోడల్ ఉంది. అది మోసాల్లో 95 శాతాన్ని పట్టుకుంటుంది. మంచి లావాదేవీల్లో కూడా 2 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుంది. ఇప్పుడు ఒక లావాదేవీ మీద మోడల్ ఎర్రజెండా ఎత్తింది. అది నిజంగా మోసమయ్యే అవకాశం ఎంత?

ఇలాంటి చోట నేను బేయ్స్ సూత్రం రాయను. లక్ష లావాదేవీలు ఊహించుకుంటాను. అందులో 100 మోసాలు, 99,900 మంచివి. మోసాల్లో 95కి జెండా పడుతుంది. మంచివాటిలో 2 శాతం అంటే 1,998కి జెండా పడుతుంది. మొత్తం జెండాలు 2,093. వాటిలో అసలు మోసాలు 95. అంటే నాలుగున్నర శాతం. సూత్రం ఇచ్చేదీ ఇదే. కానీ మనుషులను లెక్కపెట్టినట్టు లెక్కపెడితే తప్పు దొర్లదు, ఎదుటివాడికీ అర్థమవుతుంది.

"సరే, ఇప్పుడు ఒక్కటి మారుస్తాను. అదే లావాదేవీని ఇంకో మోడల్‌కు ఇచ్చాం. దానికీ ఇదే 95, ఇదే 2. అదీ జెండా ఎత్తింది. ఇప్పుడు ఎంత?" అన్నాడు.

నేను కలం కింద పెట్టకుండానే చేసేశాను. 95 మోసాల్లో 95 శాతం రెండో జల్లెడలోనూ మిగులుతాయి, అంటే 90. 1,998 మంచివాటిలో 2 శాతం మిగులుతాయి, అంటే 40. మొత్తం 130లో 90. సుమారు 69 శాతం. నాలుగున్నర నుంచి 69కి దూకింది. రెండో సాక్ష్యానికి ఉన్న బలం చూశావా అన్నట్టు ఒక చూపు కూడా విసిరాను.

అతను క్యాలెండర్ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "ఈ 1,998 మంది ఎవరు? పేరు చెప్పకు, ఎలాంటివాళ్లో చెప్పు."

నాకు వెంటనే ఏమీ తట్టలేదు. రోజూ చూసే డేటాయే అయినా వాళ్లను అంకెగానే చూశాను కాని మనుషులుగా చూడలేదు. కాసేపటికి ఒక మనిషిని ఊహించాను. హైదరాబాద్‌లో ఉండే ఒకాయన తిరుపతి వెళ్లాడు. ఎప్పుడూ కార్డు వాడని ఊళ్లో, రాత్రి పదకొండింటికి, మామూలుగా ఖర్చుపెట్టేదానికి నాలుగు రెట్లు హోటల్‌కు కట్టాడు. కొత్త చోటు, వేళ కాని వేళ, పెద్ద మొత్తం. మోడల్ జెండా ఎత్తకుండా ఎలా ఉంటుంది?

"రెండో మోడల్ ఏం చూస్తుంది?"

చోటు, వేళ, మొత్తం. అదే చూస్తుంది. అదే డేటా మీద శిక్షణ పొందింది. తిరుపతి వెళ్లినాయనను మొదటిది ఏ కారణంతో అనుమానించిందో రెండోదీ ఆ కారణంతోనే అనుమానిస్తుంది. నేనేమో అతనికి రెండో జల్లెడలో జెండా పడే అవకాశం రెండు శాతమేనని, దారిన పోయే ఎవరికైనా ఉన్నంతే అని లెక్క వేశాను. ఒక సాక్షి చెప్పినదాన్ని రెండో సాక్షి బలపరిచాడని తీర్పు రాసి, ఆ ఇద్దరూ ఒకే గుమ్మంలో నిలబడి ఒకే కిటికీలోంచి చూశారా అని అడగడం మరిచిపోయినట్టు అన్నమాట.

అంకెలు మార్చి మళ్లీ వేశాం. మొదటి మోడల్ పొరపాటున అనుమానించిన మంచి లావాదేవీల్లో 60 శాతాన్ని రెండోదీ అనుమానిస్తుందనుకుందాం. మొదటిది పట్టిన మోసాల్లో 97 శాతాన్ని రెండోదీ పడుతుందనుకుందాం. అప్పుడు మోసాలు 92, మంచివి 1,199. మొత్తం 1,291లో 92. అంటే 7 శాతం. ఒక మోడల్ ఉన్నప్పుడు నాలుగున్నర, రెండు ఉన్నప్పుడు ఏడు. రెండో మోడల్ దాదాపు కొత్తగా ఏమీ చెప్పలేదు. 60, 97 అనేవి మేం ఊహించిన అంకెలు. అసలు అంకెలు డేటాలోంచి రావాలి. కానీ 2 శాతం అనే అంకెను రెండోసారి గుణించడానికి నాకు ఎవరూ అనుమతి ఇవ్వలేదు. ఆ అనుమతిని నేనే ఇచ్చుకున్నాను, ఇచ్చుకున్నట్టు నాకే తెలియలేదు.

పుస్తకం భాషలో నా లోటు ఇది. రెండు మోడళ్లు స్వతంత్రమా అని ఎవరైనా అడిగితే కావనే చెప్పేవాణ్ణి, ఎందుకంటే రెండూ మోసాన్నే వెతుకుతున్నాయి. కానీ నా లెక్కకు కావలసిన షరతు అది కాదు. లావాదేవీ మంచిదని తెలిశాక, ఆ మంచివాటి లోపల రెండు మోడళ్ల పొరపాట్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఉండాలి. మోసాల లోపలా అలాగే ఉండాలి. దీన్ని షరతు మీద స్వతంత్రత అంటారు. నిర్వచనం అడిగితే నిద్రలో కూడా చెప్పేవాణ్ణి. గుణకారం గుర్తు పెట్టేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

సరిచూడటం కష్టమేమీ కాదు. మంచివని తేలిన పాత లావాదేవీలను తీసుకోవాలి. వాటిలో మొదటి మోడల్ జెండా ఎత్తినవాటిని విడదీయాలి. వాటిలో రెండోది ఎన్నింటికి జెండా ఎత్తిందో చూడాలి. అది 2 శాతం దగ్గర ఉంటే నా 69 సరే. 40, 50, 60 శాతం ఉంటే 69 మరిచిపోవాలి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఆచరణలో ఏ లావాదేవీ మంచిదో ఏది మోసమో మనకు ఎక్కువగా తెలిసేది జెండా పడి ఎవరైనా విచారించాకే. జెండా పడని మోసాల్లో కొన్ని ఎప్పటికీ మంచివిగానే రికార్డుల్లో ఉండిపోతాయి. కాబట్టి మోసాల వైపు అంకెను అంత గట్టిగా నమ్మలేం. మంచివాటి వైపు అంకె మాత్రం నమ్మదగినదే, జవాబును శాసించేదీ అదే.

నిజంగా కొత్త సాక్ష్యం కావాలంటే పొరపాటుకు వేరే కారణం ఉన్న సాక్షి కావాలి. ఖాతాదారుకు ఫోన్ చేసి అడగడం అలాంటిది. ఆయన ఫోన్ ఎత్తకపోవచ్చు, మరిచిపోయి ఉండవచ్చు. కానీ తిరుపతి వెళ్లినందుకు మాత్రం అబద్ధం చెప్పడు.

రెండో ప్రశ్న: నాలుగు, ఎనిమిది, ఆరు

తర్వాతి శనివారం అడిగే వంతు నాది. కొంచెం కసిగానే వెళ్లానని ఒప్పుకోవాలి.

ఒక నాణేన్ని ఎగరేస్తూ ఉంటాం. వరుసగా బొమ్మ, బొమ్మ పడేవరకు సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి? అలాగే బొమ్మ, వెంటనే బొరుసు పడేవరకు ఎన్నిసార్లు?

"రెండింటికీ అవకాశం నాలుగో వంతు. కాబట్టి రెండింటికీ నాలుగే," అన్నాడు. ఆ తర్వాత కాస్త ఆలోచించి, "మొదటి రెండుసార్లు ఎగరేశాకే కదా ఒక జత అయ్యేది. ఐదేమో," అన్నాడు. ఆ తర్వాత లాప్‌టాప్ తెరిచాడు. అది అతని అలవాటు, మంచి అలవాటే. బొమ్మకు `H`, బొరుసుకు `T` పెట్టి రాసింది ఇది:

```python
import random

def wait(target):
    n = 0
    while True:
        pair = random.choice("HT") + random.choice("HT")
        n += 2
        if pair == target:
            return n
```

లక్షసార్లు నడిపి సగటు తీస్తే `HH`కు ఎనిమిది, `HT`కూ ఎనిమిది వచ్చాయి. రెండూ సమానమే కదా, మొదటే చెప్పాను అన్నాడు. నాలుగు ఎనిమిదెందుకు అయిందన్న దానికి కూడా అతని దగ్గర సమాధానం ఉంది. సగటున నాలుగు జతలు కావాలి, జతకు రెండుసార్లు, మొత్తం ఎనిమిది. లెక్క తప్పు పట్టడానికి వీల్లేదు. అయితే అది నేను అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

నేనేమీ చెప్పకుండా ఒక రూపాయి నాణెం చేతికిచ్చాను. అతను ఎగరేశాడు, నేను రాశాను. బొరుసు, బొమ్మ, బొమ్మ. "ఆగు, వచ్చేసింది," అన్నాడు తనే. అతని ప్రోగ్రాం దాన్ని చూడదు. బొరుసు-బొమ్మ ఒక జతగా పక్కన పెట్టేసి, మిగిలిన బొమ్మకు కొత్త జోడీ వెతుకుతుంది. జతల మధ్య గోడ కట్టాడు. నాణేనికి ఆ గోడ తెలియదు. గోడ తీసేసి మళ్లీ రాశాడు:

```python
def wait(target):
    s = ""
    while not s.endswith(target):
        s += random.choice("HT")
    return len(s)
```

ఈసారి `HH`కు ఆరు, `HT`కు నాలుగు వచ్చాయి. చాలాసేపు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. మళ్లీ నడిపాడు, మళ్లీ అవే. కోడ్ నమ్మేవాడికి కోడే ఎదురు తిరిగితే ఉండే మౌనం అది.

కాగితం మీద ఇలా. మొదట మన చేతిలో ఏమీ లేదు. ఒక బొమ్మ పడేదాకా సగటున రెండుసార్లు ఎగరేయాలి. ఇప్పుడు చేతిలో ఒక బొమ్మ ఉంది. బొమ్మ-బొరుసు కోసం చూసేవాడు ఎగరేస్తే బొరుసు పడితే పని అయిపోయినట్టే. బొమ్మ పడినా పోయింది ఏమీ లేదు, చేతిలో ఇంకా ఒక బొమ్మ ఉంది. కాబట్టి అక్కడి నుంచి సగటున ఇంకో రెండుసార్లు. మొత్తం నాలుగు. బొమ్మ-బొమ్మ కోసం చూసేవాడి పరిస్థితి అది కాదు. బొరుసు పడిందంటే చేతిలో ఉన్నదీ పోయింది, మళ్లీ మొదటికి. అతని సగటును `E` అనుకుంటే, తొలి బొమ్మకు 2, ఆ తర్వాత ఒక ఎగరేత, సగం సందర్భాల్లో మళ్లీ పూర్తి `E`. `E = 3 + E/2`. అంటే ఆరు.

"మరి నాలుగో వంతు ఎక్కడికి పోయింది?" అన్నాడు. మంచి ప్రశ్న. ఎక్కడికీ పోలేదు. లక్షసార్లు ఎగరేస్తే బొమ్మ-బొమ్మ సుమారు పాతికవేల చోట్ల కనిపిస్తుంది, బొమ్మ-బొరుసూ పాతికవేల చోట్లే. కానీ బొమ్మ-బొమ్మ గుంపులుగా వస్తుంది. వరుసగా మూడు బొమ్మలు పడితే అందులో రెండు జతలున్నాయి, నాలుగు పడితే మూడు. గుంపులుగా వచ్చేవాటి మధ్య ఖాళీలు పొడవుగా ఉంటాయి. బస్సులు సగటున గంటకు నాలుగు ఉన్నా, మూడు ఒకదాని వెనక ఒకటి వచ్చేస్తే స్టాపులో నిలబడ్డవాడికి నిరీక్షణ ఎక్కువే కదా. రెండు బొమ్మ-బొరుసు జతలు ఒకే ఎగరేతను పంచుకోలేవు, కాబట్టి అవి ఎడంగా వస్తాయి.

నాకు అప్పటికి చాలా హాయిగా ఉంది. నియమం ప్రకారం ఇప్పుడు నేను ప్రశ్న మార్చాలి. మార్చి, జవాబు కూడా నేనే చెప్పేశాను. "ఇద్దరం పోటీ పెట్టుకుంటే, ఒకే నాణెం, నీది బొమ్మ-బొమ్మ, నాది బొమ్మ-బొరుసు, ఎవరిది ముందు పడితే వాళ్లు గెలిచినట్టు. నేనే ఎక్కువసార్లు గెలుస్తాను. నాకు నాలుగు, నీకు ఆరు."

అతను రూపాయిని బల్ల మీద తిప్పుతూ అన్నాడు: "తొలి బొమ్మ పడేదాకా ఇద్దరికీ ఏమీ లేదు కదరా. అది పడ్డాక తర్వాతి ఎగరేతలో బొమ్మ పడితే నాది, బొరుసు పడితే నీది. సగం సగం."

పోటీ సరిసమానం. ఇద్దరిలో ఎవరిదో ఒకటి సగటున మూడు ఎగరేతల్లో తేలిపోతుంది. మరి ఆరు, నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయి? ఓడిపోయినవాడి నుంచి. నేను ఓడినప్పుడు చివర పడింది బొమ్మ, అది నాకు పనికొస్తుంది, ఇంకో రెండుసార్లు చాలు. అతను ఓడినప్పుడు చివర పడింది బొరుసు, అతను సున్నా నుంచి మొదలుపెట్టాలి, ఇంకో ఆరు కావాలి. నాకు మూడు, దానికి సగం సందర్భాల్లో రెండు కలిపితే నాలుగు. అతనికి మూడు, దానికి సగం సందర్భాల్లో ఆరు కలిపితే ఆరు. సగటు నిరీక్షణ తక్కువైనంత మాత్రాన ముందు గెలుస్తామని కాదు. ఆ తేడా అంతా పోటీ ముగిశాక పోగవుతుంది. నాకు ఆరు, నాలుగు అనే జవాబులు వచ్చు. అవి ఎలా పుట్టాయో నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

అతని జోడీని బొరుసు-బొమ్మతో పోటీ పెడితే మాత్రం సరిసమానం కాదని అప్పటికప్పుడు తేల్చాం. మొదటి రెండూ బొమ్మలే పడితే తప్ప బొమ్మ-బొమ్మ గెలవలేదు. ఎక్కడ ఒక్క బొరుసు పడినా, దాని తర్వాత వచ్చే తొలి బొమ్మతో అవతలివాడు ఎగరేసుకుపోతాడు. నాలుగింట మూడు వంతులు అవతలివాడివే. 1969లో వాల్టర్ పెన్నీ మూడేసి ఎగరేతల వరుసలతో ఇలాంటి ఆటనే ప్రతిపాదించాడు. అందులో మొదటివాడు ఏ వరుస కోరుకున్నా దాన్ని మించినది రెండోవాడికి దొరుకుతుంది.

క్యాలెండర్ కాగితాలు పక్కపక్కన పెడితే

రెండు వారాల కాగితాలు మంచం మీద పరిచి చూసుకున్నాం. నేను మోడళ్ల దగ్గర రెండో జెండాను మొదటిదానితో సంబంధం లేనట్టు లెక్కపెట్టాను. అతను నాణెం దగ్గర ఒక జతను పక్క జతతో సంబంధం లేనట్టు లెక్కపెట్టాడు. తప్పు ఒకటే, వేషం వేరు. నాణెంలో ఆ అతుకును నేను చూడగలిగాను, లావాదేవీల్లో చూడలేకపోయాను. అతనిది సరిగ్గా తలకిందులు. టెస్టింగ్‌లో ఒకే లోపం రెండు చోట్ల కనిపించడం అతనికి అలవాటు, అందుకే తిరుపతి మనిషి అతనికి దొరికాడు. నేను పాఠ్యపుస్తకాల్లో నాణేలతో పెరిగాను, అందుకే గోడ నాకు కనిపించింది.

దీని తర్వాత మా సాధనలో ఒక్క మార్పు చేశాం. ఎవరు గుణకారం గుర్తు పెట్టినా అవతలివాడు ఆపి, ఎందుకు గుణించావని అడగాలి. నాణెం రెండు వేర్వేరు ఎగరేతలైతే జవాబు ఒక్క మాటలో వస్తుంది. అలా రాకపోతే అక్కడే ఆగి ఒక మనిషినో ఒక లావాదేవీనో ఊహించుకోవాలి. దీనివల్ల వేగం బాగా తగ్గింది. పావుగంటలో అయ్యే ప్రశ్న నలభై నిమిషాలు పట్టేది.

ముందుగా ఇంటర్వ్యూ వచ్చింది అతనికి. పాచిక మీద వరుసగా రెండు ఆరులు పడేదాకా సగటున ఎన్నిసార్లు వేయాలని అడిగారట. 36 అనబోయి ఆగాడట. చేతిలో ఏముంది, తప్పితే ఏం మిగులుతుంది అని రాసుకుని 42 చెప్పాడు. మిగిలిన నలభై నిమిషాలూ డేటాబేస్ పట్టికలను కలపడం గురించే అడిగారట.

నాకు వచ్చిన ప్రశ్న ఒక జబ్బు, రెండు పరీక్షలు. రెండూ పాజిటివ్. గుణించేముందు నేను అడిగాను, రెండు పరీక్షలూ రక్తంలో ఒకే పదార్థాన్ని కొలుస్తాయా అని. ఇంటర్వ్యూ చేస్తున్నాయన తన కాగితం ఒకసారి చూసుకుని, "కొలవవనే అనుకోండి" అన్నారు. గుణించి చెప్పాను. అప్పుడాయన కలం మూసి జేబులో పెట్టుకుని, "కొలుస్తాయనుకుంటే?" అన్నారు.